‘మంచి ఓపెనింగ్ ఉంది, రెజ్యూమె పంపండి’: రిక్రూటర్ మెసేజ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలోని జవాబులన్నీ ఒకే మెసేజ్ చుట్టూ తిరుగుతాయి. ఉద్యోగం చేస్తున్నవాళ్లకు ఇలాంటివి తరచూ వస్తుంటాయి.

“హాయ్, మీ ప్రొఫైల్ చాలా నచ్చింది. వేగంగా ఎదుగుతున్న మా క్లయింట్ దగ్గర సీనియర్ అనలిస్ట్ ఓపెనింగ్ ఉంది. ప్యాకేజీ మార్కెట్‌లో బెస్ట్, మీ అనుభవాన్ని బట్టి ఉంటుంది. ప్రాసెస్ చాలా త్వరగా అయిపోతుంది. ఆసక్తి ఉంటే రెజ్యూమె, ప్రస్తుత జీతం, ఆశిస్తున్న జీతం, నోటీస్ పీరియడ్ ఈరోజే పంపండి.”

ఈ మెసేజ్ చదివితే నిజంగా ఏం తెలుస్తుంది?

రెండే సంగతులు తెలుస్తాయి. ‘మా క్లయింట్’ అన్నారు కాబట్టి రాసిన వ్యక్తి ఆ కంపెనీ ఉద్యోగి కాదు, బయటి ఏజెన్సీ తరఫున మాట్లాడుతున్నారు. రెండోది, ఆ ఉద్యోగానికి సీనియర్ అనలిస్ట్ అని పేరు పెట్టారు. ఇంతకు మించి మెసేజ్‌లో సమాచారం లేదు. ‘వేగంగా ఎదుగుతున్న’, ‘బెస్ట్’, ‘త్వరగా’ అనే మూడు మాటలూ ఏ కంపెనీకైనా, ఏ పోస్టుకైనా అతుకుతాయి.

ఇప్పుడు మిమ్మల్ని అడిగినవి లెక్కపెట్టండి. రెజ్యూమె, ఇప్పటి జీతం, కావాల్సిన జీతం, నోటీస్ పీరియడ్. మీకు చెప్పినవి రెండు, మీ నుంచి అడిగినవి నాలుగు. అడిగినవన్నీ పంపేస్తే బేరంలో మీ దగ్గర ఉన్నదంతా అవతలివాళ్ల చేతిలో పెట్టినట్టే. అప్పటికి మీకు కంపెనీ పేరు కూడా తెలియదు.

ఇంత అస్పష్టంగా ఎందుకు రాస్తారు? మోసం అనుకోవాలా?

చాలావరకు మోసం కాదు. అస్పష్టతకు కొన్ని మామూలు కారణాలున్నాయి. ఏది అసలు కారణమో తెలిస్తే తర్వాత ఏం అడగాలో తేలిపోతుంది.

మొదటిది ఫీజు. చాలా ఏజెన్సీలకు తాము పంపిన మనిషి ఉద్యోగంలో చేరితేనే డబ్బు వస్తుంది. ఆ ఫీజును సాధారణంగా చేరిన వ్యక్తి మొదటి ఏడాది జీతంలో ఇంత శాతం అని లెక్కిస్తారు. కంపెనీ పేరు ముందే చెబితే మీరు నేరుగా అప్లై చేసుకుంటారేమో, లేదా వేరే ఏజెన్సీకి ఆ సంగతి చేరుతుందేమో అన్న భయం వాళ్లది. అది న్యాయమైన భయమే. అయితే పేరు కాసేపు దాచడానికి అది కారణం అవుతుంది కానీ, రెజ్యూమె పంపేదాకా దాచడానికి కాదు.

రెండోది, రిక్రూటర్‌కే వివరాలు తెలియకపోవడం. కంపెనీ వాళ్లు టైటిల్, నాలుగు నైపుణ్యాలు, ఒక గరిష్ఠ జీతం చెప్పి వదిలేస్తారు. ఆ నాలుగు ముక్కలతోనే రిక్రూటర్ చాలామందికి ఒకే మెసేజ్ పంపుతారు. మీ ప్రొఫైల్‌లోని ఒక్క వివరమైనా మెసేజ్‌లో లేదంటే అది మూకుమ్మడిగా పంపినదని అనుకోవచ్చు.

మూడోది కొంచెం ఇబ్బందికరమైనది. అసలు ఖాళీయే ఉండదు. ముందు ముందు పనికొస్తాయని రెజ్యూమెలు పోగేసుకుంటుంటారు. దీన్ని పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: “ఈ పోస్టుకు బడ్జెట్ ఆమోదం వచ్చిందా? ఇంటర్వ్యూలు ఏ తేదీ నుంచి మొదలవుతాయి?” నిజంగా ఖాళీ ఉంటే తేదీ కాకపోయినా వారమైనా చెబుతారు. లేకపోతే ‘త్వరలో’ అంటారు.

మొదటి జవాబులో ఎన్ని ప్రశ్నలు అడగాలి?

నాలుగు. పది ప్రశ్నలు పంపితే రిక్రూటర్ సులువైన రెండింటికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు. అప్పుడు ఏది తెలియక వదిలేశారో, ఏది కావాలని దాటేశారో మీకు అంతుపట్టదు. నాలుగే అయితే దాటేసిన ప్రశ్న కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పైన ఉన్న మెసేజ్‌కు ఇలా రాయవచ్చు:

“నమస్తే, రాసినందుకు ధన్యవాదాలు. సరైన అవకాశమైతే మాట్లాడటానికి ఆసక్తి ఉంది. ముందుగా నాలుగు విషయాలు చెప్పగలరా?
1. కంపెనీ పేరేమిటి? ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీద వస్తుంది?
2. ఇది కొత్త పోస్టా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా?
3. ఈ పోస్టుకు ఆమోదించిన ఫిక్స్‌డ్ జీతం ఎంత నుంచి ఎంత వరకు?
4. మొత్తం ఎన్ని రౌండ్లు? ఇంటర్వ్యూలు ఎప్పుడు మొదలవుతాయి?
ఇవి తెలిశాక రెజ్యూమె పంపుతాను. అప్పటివరకు నా వివరాలు ఏ కంపెనీకీ పంపవద్దు.”

ఇందులో ‘ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీద’ అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ చాలా పనిచేస్తుంది. ‘క్లయింట్ దగ్గర ఓపెనింగ్’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, మీరు ఆ కంపెనీ ఉద్యోగిగా చేరడం. రెండోది, ఏజెన్సీ ఉద్యోగిగా ఉంటూ ఆ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేయడం. రెండింటిలోనూ కూర్చునే చోటు ఒకటే కావచ్చు, కానీ సెలవులు, బీమా, బోనస్, పని పోయే తీరు అన్నీ మారిపోతాయి. ‘ఇది పర్మనెంటేనా?’ అని అడిగితే ఏజెన్సీ పేరోల్ మీద పర్మనెంట్ అనే అర్థంలో ‘అవును’ అనే వీలుంది. ఆఫర్ లెటర్ మీద ఉండే పేరు అడిగితే ఆ సందు ఉండదు.

కంపెనీ పేరు చెప్పకుండా ‘ముందు రెజ్యూమె పంపండి’ అంటే?

పంపకండి. ఇది అనుమానంతో చెప్పే మాట కాదు. దీని వల్ల ఉద్యోగాలు చేజారిపోయే దారి ఒకటుంది.

ఒక కంపెనీ ఒకే పోస్టును మూడు నాలుగు ఏజెన్సీలకు ఇస్తుంది. మీరు పేరు తెలియకుండా ఇద్దరికి రెజ్యూమె ఇచ్చారనుకోండి. ఇద్దరూ దాన్ని అదే కంపెనీకి పంపుతారు. రేపు మీరు చేరితే ఫీజు ఎవరిదన్న తగువు వస్తుంది. చాలా కంపెనీలు ముందు పంపిన ఏజెన్సీకే హక్కు అంటాయి. కొన్ని కంపెనీలు మాత్రం తగువు ఎందుకని ఆ అభ్యర్థినే పక్కన పెట్టేస్తాయి. మీకు కారణం కూడా చెప్పరు.

ఇంకో చిక్కు, ఒకసారి ఏజెన్సీ ద్వారా రెజ్యూమె వెళ్లాక ఒప్పందంలో రాసుకున్న గడువు వరకు ఆ కంపెనీ దృష్టిలో మీరు ఆ ఏజెన్సీ అభ్యర్థే. ఈ గడువు నెలల తరబడి ఉంటుంది. ఆలోగా అదే కంపెనీలోని స్నేహితుడు మిమ్మల్ని సిఫారసు చేసినా, మీరు నేరుగా అప్లై చేసినా ఫీజు సమస్య అడ్డొస్తుంది. అందుకే పై జవాబులో చివరి వాక్యం పెట్టాం. ‘ఏ కంపెనీకీ పంపవద్దు’ అని రాతలో ఉంటే, మీకు చెప్పకుండా పంపినప్పుడు చూపించడానికి ఆధారం ఉంటుంది.

మధ్యేమార్గం కూడా ఉంది. మెసేజ్‌లో పేరు రాయడానికి ఇష్టపడని రిక్రూటర్లు ఫోన్‌లో చెబుతారు. దానికి ఒప్పుకోండి. కాల్ అయ్యాక “మీరు ఫలానా కంపెనీ, ఫలానా పోస్టు గురించి చెప్పారు. దానికి మాత్రమే నా రెజ్యూమె పంపడానికి ఒప్పుకుంటున్నాను” అని ఒక వాక్యం రాసి పంపండి.

‘ఈరోజే పంపండి’ అని ఎందుకు తొందరపెడతారు?

కారణం పైన చెప్పిందే. ముందు పంపినవాళ్లకే హక్కు కాబట్టి ఆ తొందర రిక్రూటర్‌ది. కంపెనీ ఒక రోజులో తలుపులు మూసేయడం అరుదు. నిజంగా గడువు ఉంటే తేదీ, కారణం రెండూ చెప్పగలరు.

వచ్చిన జవాబును ఎలా చదవాలి?

మన ఉదాహరణలో రిక్రూటర్ ఇలా జవాబిచ్చారనుకుందాం: “కంపెనీ పేరు కాల్‌లో చెబుతాను. ఆఫర్ లెటర్ క్లయింట్‌దే. ఇది రీప్లేస్‌మెంట్. ప్యాకేజీ 100 వరకు ఇస్తారు. మూడు రౌండ్లు, వారంలో అయిపోతుంది.” ఇక్కడ 100 అన్నది ఏ దేశపు డబ్బైనా అనుకోండి, మనకు కావాల్సింది పాళ్లే.

ఆఫర్ లెటర్ సంగతి సూటిగా చెప్పారు. ఆ విషయం తేలింది. రీప్లేస్‌మెంట్ అన్నారు, దాని మీద ఇంకో ప్రశ్న ఉంది, కాల్‌లో అడుగుదాం. పేరు కాల్‌లో చెబుతానన్నారు, ఫరవాలేదు. జీతం దగ్గరే జవాబు పక్కకు జరిగింది. మీరు అడిగింది ఫిక్స్‌డ్, వాళ్లు చెప్పింది ప్యాకేజీ. మీరు ఎంత నుంచి ఎంత వరకు అని అడిగారు, వాళ్లు పై అంకె ఒక్కటే చెప్పారు. ఇంటర్వ్యూలు ఎప్పుడు మొదలవుతాయన్న దానికి అసలు జవాబే లేదు.

‘నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను’ అని వస్తే మాత్రం దాన్ని మంచి గుర్తుగానే తీసుకోవాలి. కంపెనీతో నిజంగా మాట్లాడే వీలున్న రిక్రూటర్లే ఆ మాట అంటారు. రెండు రోజుల్లో కనుక్కుని చెప్పారంటే వాళ్లతో పని సాగుతుంది.

‘ప్యాకేజీ 100 వరకు’ అంటే నాకు ఎంత వస్తుంది?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పుగా పోల్చుకునేది ఇక్కడే.

ప్యాకేజీ అంటే ఒక మూట. అందులో సాధారణంగా నాలుగు రకాలు ఉంటాయి. ప్రతి నెలా తప్పకుండా వచ్చే ఫిక్స్‌డ్. మీ పనినీ కంపెనీ ఫలితాలనూ బట్టి వచ్చే వేరియబుల్. చేరినప్పుడు ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్. మీ పేరున కంపెనీ కట్టే పదవీ విరమణ నిధి, బీమా వంటి వాటాలు. కొన్ని కంపెనీలు షేర్లనూ ఇందులోనే కలుపుతాయి.

విడదీసి అడిగితే మన 100 ఇలా తేలిందనుకోండి: ఫిక్స్‌డ్ 68, వేరియబుల్ గరిష్ఠంగా 17, జాయినింగ్ బోనస్ 10, కంపెనీ వాటాలు 5. ఇప్పుడు మీరు చేస్తున్న ఉద్యోగాన్నీ అదే పద్ధతిలో లెక్కిస్తే ఫిక్స్‌డ్ 65, ఏటా పూర్తిగా అందుతున్న వేరియబుల్ 5, కంపెనీ వాటాలు 5, మొత్తం 75 అనుకుందాం. పైకి చూస్తే 75 నుంచి 100కు, అంటే మూడో వంతు పెరుగుదల. చాలామంది ఇక్కడే సరే అనేస్తారు.

వేరియబుల్ గత ఏడాది ఎంత ఇచ్చారని అడిగితే 60 శాతం అని తెలిసింది. 17లో 60 శాతం అంటే 10.2. మొదటి ఏడాది 68, 10.2, 10, 5 కలిపితే 93.2. రెండో ఏడాది జాయినింగ్ బోనస్ ఉండదు కాబట్టి, జీతం పెరగకపోతే 83.2. ఇప్పటి 75తో పోలిస్తే పెరుగుదల 8.2, అంటే దాదాపు 11 శాతం. తప్పకుండా చేతికొచ్చే ఫిక్స్‌డ్ అయితే 65 నుంచి 68కి పెరిగింది, 5 శాతం కూడా లేదు.

ఉద్యోగం మారకూడదని ఈ లెక్క చెప్పడం లేదు. పని మెరుగ్గా ఉంటే 11 శాతానికే మారవచ్చు. కానీ మూడో వంతు పెరుగుతుందని నమ్మి మారిన మనిషి రెండో ఏడాది బాధపడతాడు. ఆ బాధకు మూలం ‘వరకు’ అన్న మాటను విడదీసి అడగకపోవడమే.

అయితే జీతం గురించి రెండో మెసేజ్‌లో ఏం అడగాలి?

ఇలా: “100లో ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, ఒక్కసారే ఇచ్చేది ఎంత? గత రెండేళ్లలో ఈ టీమ్‌కు వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు? ఫిక్స్‌డ్ బ్యాండ్‌లో కింది అంకె ఎంత?”

కింది అంకె అడగడానికి కారణం ఉంది. కంపెనీలు ప్రతి స్థాయికీ ఒక బ్యాండ్, అంటే జీతం ఇంత నుంచి ఇంత వరకు అనే హద్దు, పెట్టుకుంటాయి. కొత్తగా చేరేవాళ్లను బ్యాండ్ పైకొసలో పెడితే తర్వాత పెంచడానికి చోటు ఉండదు, కాబట్టి అక్కడ పెట్టడానికి ఇష్టపడవు. పై అంకె ఒక్కటే చెప్పినప్పుడు అది మీకు వచ్చేది కాదు, ఎవరికైనా ఇవ్వగలిగిన గరిష్ఠం. రెండు అంకెలూ తెలిస్తే మధ్యలో ఎక్కడో కుదురుతుందని అంచనా వేసుకోవచ్చు. కింది అంకె మీ ఇప్పటి ఫిక్స్‌డ్ కన్నా తక్కువగా ఉంటే, ఈ పోస్టు మీ కన్నా తక్కువ అనుభవం ఉన్నవాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని తయారైందని అర్థం. అది జీతం గురించే కాదు, పని స్థాయి గురించి కూడా చెప్పే సంగతి.

జాయినింగ్ బోనస్ ఉంటే ఎన్ని నెలల్లోపు మానేస్తే తిరిగి కట్టాలో అడగండి. ఏడాది అనే షరతు మామూలే. షేర్లు కలిపి చెబితే అవి ఎన్నేళ్లలో చేతికొస్తాయో అడగండి. నాలుగేళ్లలో విడతలుగా, మొదటి ఏడాది నిండే వరకు ఏమీ రాకుండా ఇచ్చే పద్ధతి బాగా వాడుకలో ఉంది. అలాంటప్పుడు మొత్తం షేర్ల విలువను ఒకే ఏడాది ప్యాకేజీలో కలిపి చెబితే అంకె చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పటి జీతం చెప్పాలా?

మొదటి మెసేజ్‌లో చెప్పనవసరం లేదు. చెబితే ఏమవుతుందంటే, ఆ పోస్టు విలువ పక్కకు పోయి మీ పాత జీతం మీద ఇంత శాతం అనే లెక్క మొదలవుతుంది. ఇప్పటికే తక్కువ జీతానికి చేస్తున్నవాళ్లకు ఈ లెక్క ప్రతి ఉద్యోగంలోనూ నష్టమే. ఈ కారణంతోనే కొన్ని చోట్ల చట్టాలు వచ్చాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి పాత జీతం అడగడం నిషేధం. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన జీతాల పారదర్శకత ఆదేశం కూడా పాత జీతం అడగకూడదంటుంది. జీతం ఎంత నుంచి ఎంత వరకన్నది అభ్యర్థికి ముందే చెప్పాలని కూడా అంటుంది. సభ్య దేశాలు దాన్ని తమ చట్టాల్లోకి తేవడానికి గడువు 2026 జూన్ 7.

అలాంటి చట్టం లేనిచోట అడగడం తప్పు కాదు, చెప్పకపోవడమూ తప్పు కాదు. ఇలా రాయవచ్చు: “ఈ పోస్టు బ్యాండ్ తెలిస్తే అది నాకు సరిపోతుందో లేదో వెంటనే చెప్పగలను. నేను చూస్తున్నది ఫిక్స్‌డ్‌లో ఇంత నుంచి ఇంత.” మీరు చెప్పే కింది అంకె నిజంగా ఒప్పుకోగలిగినదై ఉండాలి, ఎందుకంటే ఆఫర్ దాని దగ్గరే ఆగే అవకాశం ఎక్కువ.

కొన్ని ఏజెన్సీల ఫారంలో ఆ గడి నింపకపోతే ముందుకు కదలదు. అప్పుడు చెప్పండి కానీ విడదీసి చెప్పండి: ఫిక్స్‌డ్ ఇంత, వేరియబుల్ ఇంత, రాబోయే పెంపు ఫలానా నెలలో. ఎక్కువ చేసి మాత్రం చెప్పవద్దు. ఆఫర్ దశలో జీతం స్లిప్పులు అడిగే కంపెనీలు చాలా ఉన్నాయి. అంకె కలవకపోతే ఆఫర్ వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకు దొరుకుతుంది.

‘సీనియర్ అనలిస్ట్’ అంటే పని ఏమిటో ఎలా తెలుసుకోవాలి?

టైటిల్‌ను నమ్మి ఏమీ తేల్చలేం. ఒక కంపెనీలో సీనియర్ అంటే ఐదుగురి పని చూసుకునే వ్యక్తి, ఇంకోచోట మూడేళ్ల అనుభవం ఉన్న వ్యక్తి. కాల్‌లో రెండు మూడు ప్రశ్నలు చాలు.

మన ఉదాహరణలో రీప్లేస్‌మెంట్ అన్నారు కాబట్టి “ఆ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది? ముందున్నవాళ్లు ఎంతకాలం చేశారు?” అని అడగండి. ఒక నెలగా ఖాళీ, ముందు వ్యక్తి మూడేళ్లు చేసి పై స్థాయికి వెళ్లారంటే అది మామూలు ఖాళీ. ఆరు నెలలుగా ఖాళీ అంటే జీతం తక్కువైనా అయి ఉండాలి, అడుగుతున్న అర్హతలు ఒకే మనిషిలో దొరకనివైనా అయి ఉండాలి, ఎంపిక చేసేవాళ్లకే స్పష్టత లేకపోయినా ఉండాలి. “ఇప్పటివరకు ఇంటర్వ్యూ అయినవాళ్లు ఎక్కడ ఆగిపోయారు?” అని అడిగితే ఏది కారణమో రిక్రూటర్ మాటల్లోనే బయటపడుతుంది. రెండేళ్లలో ఇద్దరు మానేశారని తెలిస్తే, నేరుగా మేనేజర్‌తో మాట్లాడే వరకు ఏ నిర్ణయానికీ రావద్దు.

కొత్త పోస్టు అని చెప్పి ఉంటే ప్రశ్న మారుతుంది: “ఇప్పుడు ఈ పని ఎవరు చేస్తున్నారు? మొదటి ఆరు నెలల్లో ఏం పూర్తి కావాలని అనుకుంటున్నారు?” దీనికి రిక్రూటర్ దగ్గర జవాబు లేకపోవడం సహజం. మేనేజర్ దగ్గర కూడా లేకపోతే, మీరు చేరాక పని ఏమిటో అప్పుడు వెతుకుతారన్నమాట.

‘మూడు రౌండ్లు, వారంలో అయిపోతుంది’ అంటే నమ్మవచ్చా?

రౌండ్ల సంఖ్యను నమ్మవచ్చు. వారం అన్నదాన్ని కొంచెం విడదీయాలి. ఇంటర్వ్యూలు వారంలో అయిపోవచ్చు. ఆ తర్వాత జీతానికి ఆమోదం, ఆఫర్ లెటర్ రావడం వేరే సంగతి, ఎక్కువ ఆలస్యం జరిగేది అక్కడే. కాబట్టి “చివరి రౌండ్ అయ్యాక రాతపూర్వక ఆఫర్ రావడానికి ఈ కంపెనీలో మామూలుగా ఎన్ని రోజులు పడుతుంది?” అని అడగండి.

ప్రతి రౌండ్ ఎవరు తీసుకుంటారో, చివరి మాట ఎవరిదో కనుక్కోండి. ఇంట్లో చేసి పంపాల్సిన పని ఏదైనా ఇస్తారా, దానికి ఎన్ని గంటలు పడుతుంది అన్నది కూడా ముందే తెలియాలి. రెండు మూడు గంటల పని మామూలే. రెండు రోజుల పని అడిగితే, అదీ కంపెనీ సొంత సమాచారం మీద చేయమంటే, దానికి డబ్బిస్తారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

చాలామంది అడగని ప్రశ్న ఇంకొకటుంది: “ఇప్పటికే చివరి రౌండ్‌లో ఎవరైనా ఉన్నారా?” ఉన్నారంటే మిమ్మల్ని పిలుస్తున్నది ఆ వ్యక్తి కాదంటే అక్కరకొస్తారని కావచ్చు. వెళ్లవచ్చు, కానీ సెలవు పెట్టి మరీ సిద్ధం కావాలా వద్దా అన్నది తెలిసి వెళతారు.

మోసమని ఎలా పసిగట్టాలి?

అస్పష్టత ఒక్కటే మోసానికి గుర్తు కాదు. అసలు గుర్తులు వేరు. రిజిస్ట్రేషన్, శిక్షణ, పరికరాలు అంటూ మీ నుంచి డబ్బు అడగడం. ఇంటర్వ్యూ కాకముందే గుర్తింపు కార్డు కాపీలు, బ్యాంకు వివరాలు అడగడం. ఎవరి ముఖమూ చూడకుండా చాట్‌లోనే ఇంటర్వ్యూ ముగించి ఆఫర్ ఇవ్వడం. వీటిలో ఒక్కటి కనిపించినా ఆపేయండి.

అనుమానం ఉంటే మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకు కాదు, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఫలానా ఏజెన్సీ మీ తరఫున పనిచేస్తోందా అని అడగండి. మెయిల్ చిరునామాలో కంపెనీ పేరు పక్కన ఒక అక్షరం ఎక్కువగానో తక్కువగానో ఉందేమో కూడా చూడండి.

ఎన్నిసార్లు అడిగినా జీతం చెప్పకపోతే ఎక్కడ ఆపాలి?

రెండుసార్లు రాతలో, ఒకసారి కాల్‌లో. మూడుసార్లూ ‘అది ఇంటర్వ్యూ తర్వాత మాట్లాడుకుందాం’ అంటే రిక్రూటర్‌కు బ్యాండ్ తెలియదు, లేదా తెలిసీ అది మీకు నచ్చదని అర్థమైంది. రెండింటిలో ఏదైనా మూడు రౌండ్ల సమయం పెట్టడానికి సరిపోదు. ఒక మినహాయింపు ఉంది. కంపెనీ, పని మీకు బాగా నచ్చి, మీ కింది అంకె వాళ్లకు రాతలో చెప్పి, దానికి వాళ్లు ‘కుదురుతుంది’ అని రాతలోనే జవాబిస్తే మొదటి రౌండ్‌కు వెళ్లవచ్చు.

ఆపాలనుకుంటే తలుపు మూయకుండా ఆపండి, అదే రిక్రూటర్ దగ్గరకు రేపు మంచి పోస్టు రావచ్చు. “ఫిక్స్‌డ్ బ్యాండ్ తెలియకుండా ముందుకెళ్లడం నాకు కుదరదు. ఇంత కన్నా ఎక్కువ ఫిక్స్‌డ్ ఉన్న ఫలానా తరహా పోస్టులు వస్తే తప్పక చెప్పండి. ఈ పోస్టుకు మాత్రం నా రెజ్యూమె పంపవద్దు.”